రోజుకు ఆరుసార్లు స్టాక్ పంపుతున్నా లేని సరుకు అమ్ముడవుతోంది, లోపం ఎక్కడ?

నిల్వలెక్క

అందరికీ నమస్కారం. మా సెంట్రల్ కేటలాగ్‌లో దాదాపు 9,000 ఎస్‌కేయూలు ఉన్నాయి. అక్కడి నుంచి రెండు మార్కెట్‌ప్లేస్‌లకు ధర, స్టాక్ కలిపి ఒకే ఫైలుగా నాలుగు గంటలకోసారి వెళ్తాయి. వెళ్లిన ప్రతిసారీ పూర్తయిందనే జవాబు వస్తుంది. అయినా గోదాంలో సరుకు లేని ఆర్డర్లు పడుతూనే ఉన్నాయి, వాటిని మేమే క్యాన్సిల్ చేయాల్సి వస్తోంది. క్యాన్సిల్ శాతం పెరిగితే ఖాతాకే ముప్పు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోలేను.

కేటలాగ్‌లోని లెక్క తప్పేమోనని గోదాంలో సరుకు చేత్తో లెక్కపెట్టించాను. లెక్క సరిపోయింది. ఒక్క సంగతి మాత్రం అంతు చిక్కడం లేదు. రాత్రి వెళ్లే ఫైళ్ల తర్వాత ఈ గొడవ దాదాపు ఉండదు. పగటి ఫైళ్ల తర్వాతే ఎక్కువ. రెండూ ఒకే ప్రోగ్రాం పంపేవే. ఎక్కడ వెతకమంటారు?

వేగమే_మేలు

ఇందులో వెతకాల్సింది ఏముందండీ, నాలుగు గంటల ఎడం చాలా ఎక్కువ. పగలు అమ్మకాలు జోరుగా ఉంటాయి కాబట్టి లెక్క త్వరగా పాతబడుతుంది, రాత్రి పాతబడదు. పదిహేను నిమిషాలకోసారి పంపేలా షెడ్యూల్ మార్చండి, సరిపోతుంది. మేం అలాగే చేశాం, బాగా తగ్గింది.

ధరలపట్టిక

అమ్మయ్య, నాకొక్కదానికే అనుకున్నాను! మాకూ ఇదే బాధ. కేటలాగ్‌లో ధర మారుస్తాం, ఫైలు వెళ్తుంది, లిస్టింగ్‌లో మాత్రం పాత ధరే కూర్చుని ఉంటుంది. అన్నింటికీ కాదు, కొన్నింటికే. మార్కెట్‌ప్లేస్ వాళ్ల పేజీ పాత కాపీని చూపిస్తోందని, ఒక రోజు ఆగితే సర్దుకుంటుందని మాకు చెప్పారు. ఆగి చూశాం, సర్దుకోలేదు. మీరూ ఒక రోజు ఆగి చూశారా?

నిల్వలెక్క

ధరలపట్టిక గారూ, నా ప్రశ్న ధర గురించి కాదండీ, స్టాక్ గురించి. ఒక రోజు ఆగితే ఈలోపు మరో ఆరు ఫైళ్లు వెళ్లిపోతాయి.

పాతకాపు

నిల్వలెక్క గారూ, షెడ్యూల్ మార్చే ముందు రెండు విషయాలు చెప్పండి. ఫైలు అప్‌లోడ్ చేశాక అందులోని అంకె లిస్టింగ్ మీద నిజంగా కనిపించడానికి ఎంతసేపు పడుతోంది? మార్కెట్‌ప్లేస్ నుంచి ఆర్డర్లు మీ కేటలాగ్‌లోకి ఏ సమయాల్లో దిగుతాయి? మాటల్లో కాకుండా, ఈ మధ్య ఇబ్బంది పెట్టిన ఒక్క ఎస్‌కేయూ తీసుకుని, ఆ పూట లాగ్‌లో దాని వరుసలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి.

నిల్వలెక్క

ఆర్డర్లు అరగంటకోసారి దిగుతాయండీ. నిన్నటి ఒక వస్తువు లాగ్ ఇది:

```
10:00:04  SNAPSHOT   K-2207-BL  qty=7
10:03:41  UPLOADED   feed
10:26:10  APPLIED    feed
10:30:02  ORDERS IN  K-2207-BL  -3
13:00:03  ORDERS IN  K-2207-BL  -4
14:00:02  ORDERS IN  K-2207-BL  -1
```

చివరి ఆర్డరుకు సరుకు లేదు. దాన్నే క్యాన్సిల్ చేశాం.

పాతకాపు

లోపం ఈ ఆరు వరుసల్లోనే ఉంది. కాస్త నెమ్మదిగా చూద్దాం.

10 గంటలకు మీ ప్రోగ్రాం కేటలాగ్ నుంచి 7 అని రాసుకుంది. అప్పటికి అది నిజమే. ఆ అంకె లిస్టింగ్ మీదికి ఎక్కింది 10:26కి. 10:30కి దిగిన మూడు ఆర్డర్లు ఈ మధ్యలో పడినవే. అవి పడుతున్నకొద్దీ మార్కెట్‌ప్లేస్ తన దగ్గరి అంకెను తానే తగ్గించుకుంటూ వచ్చింది: 7, 6, 5, 4. అంటే 10:25కి లిస్టింగ్ మీద సరైన అంకె ఉంది. 10:26కి మీ ఫైలు వచ్చి 4ను చెరిపి మళ్లీ 7 రాసింది. మీరు పంపేది "మూడు తగ్గించు" అనే మాట కాదు, "ఏడు అని పెట్టు" అనే మాట. పాత లెక్క వచ్చి కొత్త లెక్కను కొట్టేసింది.

నాలుగు నిమిషాల తర్వాత మీ కేటలాగ్‌కు ఆ మూడు ఆర్డర్ల సంగతి తెలిసి అక్కడ 4 అయింది. కానీ తర్వాతి ఫైలు రెండింటికి గానీ లేదు. అప్పటిదాకా లిస్టింగ్ మీద మూడు దొంగ నగాలు అమ్మకానికి ఉన్నాయి. ఒంటిగంటకల్లా నాలుగూ అమ్ముడై గోదాం ఖాళీ అయింది. కేటలాగ్‌లో 0 ఉంది, లిస్టింగ్‌లో ఇంకా 3 కనిపిస్తోంది. ఆ మూడింటిలో ఒకటి అమ్ముడైంది. మిగతా రెండు అమ్ముడుపోకపోవడం మీ అదృష్టం.

గమనించండి, ఈ మార్కెట్‌ప్లేస్ వరకు చూస్తే ఆ 10 గంటల ఫైలు వెళ్లకపోయి ఉంటే ఈ వస్తువు సరిగ్గా సున్నా దగ్గర ఆగేది. తప్పును పుట్టించింది ఫైలే. మీ రాత్రి చిక్కు కూడా ఇక్కడే విడిపోతుంది. రాత్రి కూడా ఫైలు క్యూలో అంతే సేపు ఉండొచ్చు, కానీ ఆ ఇరవై ఆరు నిమిషాల్లో ఆర్డర్లు పడవు కాబట్టి పాత అంకె కూడా నిజమే అవుతుంది.

వేగమే_మేలు

మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ పదిహేను నిమిషాలకోసారి పంపి ఉంటే ఆ 7 పావుగంటలో 4 అయిపోయేది కదా? మాకు తగ్గిందన్న మాట అబద్ధం కాదు.

పాతకాపు

అబద్ధమని నేననలేదండీ. తప్పు అంకె లిస్టింగ్ మీద ఉండే సేపు నాలుగు గంటల నుంచి చాలా తగ్గుతుంది, అందుకే మీకు ఫలితం కనిపించింది. కానీ తప్పు పుట్టే సందర్భాలు ఆరు నుంచి తొంభై ఆరు అవుతాయి. ప్రతి ఫైలూ తన స్నాప్‌షాట్‌కూ లిస్టింగ్ మీదికి ఎక్కడానికీ మధ్య జరిగిన అమ్మకాలను చెరుపుతూనే ఉంటుంది.

వీరి ఫైలుకు ఇరవై రెండు నిమిషాలు క్యూలోనే పోతోంది. పావుగంటకోటి పంపితే ఒకటి ముగియకముందే ఇంకోటి చేరుతుంది. క్యూ బరువెక్కిన కొద్దీ ఆ ఇరవై రెండు ఇంకా పెరగొచ్చు. మార్కెట్‌ప్లేస్ వాటిని వచ్చిన వరుసలోనే పూర్తి చేస్తుందన్న హామీ మీ దగ్గర లేకపోతే, పాత ఫైలు కొత్త ఫైలు మీద ఎక్కి కూర్చునే ప్రమాదం కూడా ఉంది. ఆ తప్పు లాగ్‌లో వెతికినా దొరకదు, ఎందుకంటే రెండూ సక్సెస్ అనే ఉంటాయి.

పరిమితుల సంగతీ ఉంది. ఈబేలో ఒక లిస్టింగ్‌ను ఒక రోజులో 250 సార్లకు మించి సవరించనివ్వరు. పావుగంట షెడ్యూల్‌కు అది అడ్డు కాదు. ప్రతి అమ్మకానికీ ఒకసారి పంపే పద్ధతి పెట్టుకుంటే మాత్రం బాగా అమ్ముడయ్యే వస్తువుకు అడ్డొస్తుంది.

నిల్వలెక్క

ఇప్పుడు అర్థమైంది. మరి తేడా మాత్రమే పంపితే? 7 అని కాకుండా, కొత్తగా 5 నగాలు గోదాంలోకి వచ్చాయి కాబట్టి +5 అని?

పాతకాపు

షాపిఫై లాంటి దుకాణ వేదికల్లో ఆ వీలుంది, `inventoryAdjustQuantities` తేడానే తీసుకుంటుంది. మార్కెట్‌ప్లేస్‌లలో ఎక్కువ వాటికి పూర్తి అంకే ఇవ్వాలి. పైగా తేడాల పద్ధతిలో ఒక్క సందేశం పోయినా, రెండుసార్లు వెళ్లినా లెక్క అప్పటి నుంచి పక్కకు జరిగి అలాగే ఉండిపోతుంది. పూర్తి అంకెకు ఉన్న మేలు ఏంటంటే, తర్వాతిది సరిగ్గా వెళ్తే వెనకటి తప్పు తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి పూర్తి అంకెనే ఉంచండి, పంపే క్రమం మార్చండి.

మొదట, స్నాప్‌షాట్ తీసేముందు ఆర్డర్లు దింపుకోండి. ఇప్పుడు మీకు రెండు పనులూ వేర్వేరు గడియారాల మీద నడుస్తున్నాయి, ముందు ఆర్డర్లు, వెంటనే స్నాప్‌షాట్ అనే ఒకే పనిగా కలపండి. దింపేటప్పుడు చెల్లింపు ఇంకా ఖరారు కాని పెండింగ్ ఆర్డర్లను వదలకండి. చాలా ప్రోగ్రాంలు పంపడానికి సిద్ధమైన ఆర్డర్లనే దింపుతాయి. పెండింగ్‌లో ఉన్న నగాన్ని మార్కెట్‌ప్లేస్ పక్కన పెట్టేసి ఉంటుంది, మీ కేటలాగ్‌కు మాత్రం అది ఇంకా అరలోనే ఉన్నట్టు లెక్క. పంపాల్సిన అంకె ఇలా ఉండాలి:

```
send_qty = max(0, on_hand - open_qty - pending_qty - buffer)
```

రెండోది, 9,000 వరుసలూ ప్రతిసారీ పంపకండి. మారినవే పంపితే ఫైలు చిన్నదవుతుంది, క్యూలో గడిపే సేపూ తగ్గే అవకాశం ఎక్కువ. వీలున్న చోట ఫైలు మానేసి నేరుగా ఏపీఐ పిలుపు వాడండి. ఈబే `bulkUpdatePriceQuantity` ఒక పిలుపులో 25 వరకు తీసుకుంటుంది, అమెజాన్‌లో `patchListingsItem` ఒక్కో ఎస్‌కేయూకు వెళ్తుంది. తక్కువ నిల్వ ఉన్న వస్తువులను ఈ దారిలో, మిగతా వాటిని ఫైలులో పంపుకోవచ్చు.

మూడోది చాలామంది చేయనిది. ఫైలు లిస్టింగ్ మీదికి ఎక్కిందని తెలియగానే ఇంకోసారి ఆర్డర్లు దింపండి. స్నాప్‌షాట్ సమయం తర్వాత ఆర్డరు పడిన ఎస్‌కేయూలను మాత్రం ఏరి, సరైన అంకెతో వెంటనే మళ్లీ పంపండి. మీ లాగ్‌లో అయితే 10:26 దాటగానే K-2207-BL ఒక్కటీ 4 అని వెళ్లేది. ఈ సవరణకూ ఒక చిన్న సందు ఉంటుంది, కానీ అది ఇరవై ఆరు నిమిషాల సందు కాదు.

కొత్తచిగురు

అన్నా, ఆ సూత్రంలో చివర బఫర్ అని పెట్టారే, అది నాలాంటి వాళ్లకు కుదరదు. నేను అమ్మేవన్నీ ఒక్కో నగమే ఉండేవి. బఫర్ 1 పెడితే నా కేటలాగ్ మొత్తం అవుట్ ఆఫ్ స్టాక్ అయిపోతుంది.

పాతకాపు

నిజమే తమ్ముడూ, అందరికీ ఒకే బఫర్ పెట్టకూడదు. నేను లెక్క వేసేది ఇలా: అంకె గుడ్డిగా ఉండే సేపు ఎంత, ఆ సేపట్లో రద్దీ వేళ ఎన్ని అమ్ముడవుతాయి. పై ఉదాహరణలో ఇరవై ఆరు నిమిషాల్లో మూడు పోయాయి కాబట్టి ఆ వస్తువుకు 3. రోజుకొకటి కూడా కదలని వస్తువుకు 0. నీ వాటికి 0 పెట్టి, ఆ ఒక్క నగాన్ని ఒకే మార్కెట్‌ప్లేస్‌లో చూపించు. రెండు చోట్లా చూపిస్తే ఏ బఫరూ కాపాడలేదు.

కొత్తచిగురు

ఒకే చోట చూపిస్తే అమ్ముడయ్యే అవకాశం సగం పోతుంది కదన్నా. అప్పుడప్పుడూ ఒక క్యాన్సిల్ భరించడమే నాకు నయమనిపిస్తుంది.

వేగమే_మేలు

అది మీ క్యాన్సిల్ శాతం మీద ఆధారపడి ఉంటుంది. నెలకు వందల్లో ఆర్డర్లున్నవాడికి ఒకటి కనపడదు. పది ఆర్డర్లున్నవాడికి ఒకటంటే పది శాతం. తక్కువ అమ్మేవాడికే ఇది ఎక్కువ ప్రమాదం.

కొత్తచిగురు

అది ఆలోచించాల్సిందే. కానీ సగం అమ్మకం వదులుకోవడానికి ఇంకా మనసు ఒప్పడం లేదు.

జోడీప్యాక్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాకు విడి నగం ఒక ఎస్‌కేయూ, అదే రెండు కలిపిన ప్యాక్ ఇంకో ఎస్‌కేయూ. మారినవే పంపమన్నారు. విడి నగం అమ్ముడైతే ప్యాక్ వరుసలో ఏ మార్పూ నమోదు కాదు, అందుకే అది వెళ్లదు. దీనికేం చేస్తున్నారు?

పాతకాపు

మారినవి అన్నది కేటలాగ్‌లోని వరుసను చూసి నిర్ణయిస్తే ఆ చిక్కే వస్తుంది. పంపాల్సిన అంకెను ప్రతి ఎస్‌కేయూకూ లెక్కగట్టి, మార్కెట్‌ప్లేస్ చివరిసారి ఒప్పుకున్న అంకెతో పోల్చండి. విడి నగాలు 5 ఉన్నప్పుడు ప్యాక్ 2. ఒకటి అమ్ముడై 4 అయినా ప్యాక్ 2నే, పంపక్కర్లేదు. ఇంకోటి పోయి 3 అయితే ప్యాక్ 1, అప్పుడు పోలికలో బయటపడుతుంది. వేర్వేరు వస్తువులతో కట్టిన ప్యాక్‌లైతే మాత్రం ఆఖరి నగాన్ని ఎవరికి కేటాయించాలన్నది వ్యాపార నిర్ణయం, నేను చెప్పగలిగేది కాదు.

నిల్వలెక్క

పాతకాపు గారూ, క్రమం మార్చి నడిపాను. ఫైలు ఎక్కాక సవరణ కూడా పెట్టాను. మార్కెట్‌ప్లేస్ నుంచి లిస్టింగ్ రిపోర్టు దింపి కేటలాగ్‌తో పోల్చి చూశాను. ముందు కనిపించిన తేడాల్లో చాలావరకు పోయాయి. కానీ కొన్ని ఎస్‌కేయూలు మొండికేశాయి. ఏ పూట చూసినా అవే వస్తువులు, అదే తేడా. కొన్నింటికి లిస్టింగ్ మీద ఎక్కువ ఉంది, కొన్నింటికి తక్కువ. ఇది కూడా సమయం గొడవేనా?

పాతకాపు

కాదు. సమయం గొడవైతే ఫైలు వెళ్లిన వెంటనే పుడుతుంది, ప్రతిసారీ వేరే వస్తువులకు పుడుతుంది, ఎక్కువగా లిస్టింగ్ వైపే మొగ్గుతుంది. ఎప్పుడూ అవే వస్తువులు, రెండు వైపులా తేడా అంటే ఆ వరుసలను మార్కెట్‌ప్లేస్ తీసుకోవడమే లేదు.

మొదటి పోస్టులో పూర్తయిందనే జవాబు వస్తుందన్నారు. అది ఫైలు ముగిసిందన్న జవాబు. అమెజాన్ ఫీడ్స్ ఏపీఐలోనూ `DONE` అంటే ప్రాసెసింగ్ పూర్తయిందనే అర్థం, ప్రతి వరుసా చెల్లిందని కాదు. ఏది చెల్లింది, ఏది తిరస్కరించారన్నది విడిగా ప్రాసెసింగ్ రిపోర్టులో ఉంటుంది. ఆ రిపోర్టు దింపి ఈ మొండి ఎస్‌కేయూల ఎదురుగా ఏం రాసి ఉందో చూడండి.

నిల్వలెక్క

చూశాను. దాదాపు అన్నింటికీ ఒకే కారణం: ధర, ఆ వస్తువుకు పెట్టిన కనీస ధర కంటే తక్కువగా ఉంది. తగ్గింపు పెట్టినప్పుడు కేటలాగ్‌లో ధర దిగింది, మార్కెట్‌ప్లేస్‌లో ఎప్పుడో పెట్టిన కనీస ధర అలాగే ఉండిపోయింది. ధర చెల్లలేదని వరుస మొత్తాన్నీ తోసేశారు, దాంతో స్టాక్ కూడా ఆగిపోయింది.

ధరలపట్టిక

ఒక్క నిమిషం! మాకు పాత ధరే ఉండిపోయేది కూడా తగ్గింపు పెట్టిన వస్తువులకే! కనీస ధర అనే గడి ఉందని నాకు తెలుసు, కానీ అది మేం పంపే ఫైలులో లేదు. అందుకే దాన్ని అనుమానించలేదు.

పాతకాపు

ధరలపట్టిక గారూ, చాలామటుకు అదే అయి ఉంటుంది, రిపోర్టు చూస్తే ఖాయంగా తెలుస్తుంది. ఆ కనీస ధర సున్నా ఒకటి తక్కువ పడ్డప్పుడు సరుకు కారుచౌకగా పోకుండా కాపాడటానికి ఉన్నది. దాన్ని తీసేయకండి. తగ్గింపు పెట్టే రోజున కేటలాగ్ నుంచే ముందు కనీస ధర దించి, అది చెల్లిందని తెలిశాక అమ్మకం ధర పంపండి. తగ్గింపు ముగిసినప్పుడు తిరగేసి, ముందు అమ్మకం ధర పెంచి ఆ తర్వాత కనీస ధర.

నిల్వలెక్క గారూ, మీరు ధరనూ స్టాక్‌నూ విడగొట్టండి. ధర రోజుకు రెండు మూడుసార్లు మారేది, స్టాక్ నిమిషాల్లో మారేది. ఒకదాని తప్పుకు రెండోది ఆగిపోకూడదు. ఇంకో మాట, మీ ప్రోగ్రాం ఒక వరుసను పంపేసినట్టు ఎప్పుడు గుర్తు పెట్టుకుంటోంది? అప్‌లోడ్ అయినప్పుడైతే, మారినవే పంపే పద్ధతిలో తిరస్కరించిన వరుస మళ్లీ ఎప్పటికీ వెళ్లదు. జోడీప్యాక్ గారికి చెప్పిన పోలికకు మీరు దాచుకోవాల్సింది పంపిన అంకెను కాదు, రిపోర్టులో చెల్లిన అంకెను.

నిల్వలెక్క

అప్‌లోడ్ దగ్గరే గుర్తు పెడుతోంది. మారుస్తాను. రిపోర్టు రాకముందే తర్వాతి పూట వచ్చేస్తే ఏం చేయాలి? కొన్నిసార్లు రిపోర్టు చాలా ఆలస్యమవుతోంది.

వేగమే_మేలు

మేం ఒకటి ముగియకుండా రెండోది వదలం. ఆలస్యమైతే ఆ పూట దాటేస్తాం.

పాతకాపు

ధరకు అది సరే. స్టాక్‌కు పూట దాటేయడం నాకు ఇష్టం ఉండదు. ఫైలు ఇరుక్కున్నప్పుడు కూడా, అమ్ముడైపోయి 0కి చేరిన వాటిని మాత్రం ఏపీఐ ద్వారా పంపేస్తాను.

వేగమే_మేలు

ఇరుక్కున్న ఫైలు ఆ తర్వాత ఎక్కి ఆ 0ను మళ్లీ 7 చేస్తేనో? ఇందాక మీరే చెప్పిన ప్రమాదం కదా అది.

పాతకాపు

చేస్తుంది. అందుకే ఫైలు ఎక్కగానే నడిచే ఆ సవరణలో, ఫైలు క్యూలో ఉండగా విడిగా పంపిన ఎస్‌కేయూలన్నింటినీ కూడా కలుపుతాను. అయినా ఫైలు ఎక్కిన క్షణానికీ సవరణ ఎక్కే క్షణానికీ మధ్య సందు ఉంటుంది. దాన్ని పూర్తిగా మూసే ఉపాయం నా దగ్గర లేదు. తక్కువ నిల్వ ఉన్న వాటిని అసలు ఫైలులోనే పెట్టకుండా ఏపీఐకే వదిలేసిన వాళ్లు ఇక్కడ ఉంటే వాళ్ల అనుభవం రాయండి.

జోడీప్యాక్

మేం 10 నగాల లోపు ఉన్నవాటికి అలాగే చేస్తున్నాం. ఫైలు గొడవ పోయింది కానీ రద్దీ వేళ 429 జవాబులు వస్తున్నాయి, కాసేపు ఆగి మళ్లీ పంపుతున్నాం. ఆగే సేపట్లో అంకె మారితే పాతది పంపకుండా, పంపే క్షణంలోనే కొత్తగా లెక్కగట్టేలా క్యూలో ఎస్‌కేయూ పేరు మాత్రమే ఉంచాం, అంకె ఉంచలేదు.

నిల్వలెక్క

జోడీప్యాక్ గారూ, ఇది బాగుంది. క్యూలో పేరు ఒక్కటే ఉంచే పద్ధతి నేనూ పెడతాను. 10 అన్న హద్దు ఎలా తేల్చుకున్నారు? మాకు కొన్ని వస్తువులు గంటలో 10 పోతాయి.